మాక్స్ పెయిన్ ధరను లాగుతోందా, ధర వెంట నడుస్తోందా?

ఎక్స్‌పైరీ రోజు మార్కెట్ ముగియగానే ట్రేడింగ్ గ్రూపుల్లో ఒక స్క్రీన్‌షాట్ తిరుగుతుంది. నిఫ్టీ ఎక్కడ ముగిసిందో, మాక్స్ పెయిన్ కూడా దాదాపు అక్కడే ఉంటుంది. "రైటర్లు లాక్కొచ్చి కూర్చోబెట్టారు" అని కింద ఎవరో రాస్తారు. ఆ స్క్రీన్‌షాట్ ఎన్నింటికి తీశారో ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది అదే.

ముందు లెక్క చూద్దాం. నిఫ్టీ ఫలానా స్ట్రైక్ దగ్గర ముగిస్తే, ఆప్షన్లు అమ్మిన రైటర్లు కొన్నవాళ్లకు మొత్తం ఎంత చెల్లించాలో ఓపెన్ ఇంట్రెస్ట్‌ను, అంటే ఇంకా మూయకుండా ఉన్న ఆప్షన్ల సంఖ్యను బట్టి ప్రతి స్ట్రైక్‌కీ లెక్కేస్తారు. ఆ మొత్తం అన్నిటికంటే తక్కువగా ఉన్న స్ట్రైకే మాక్స్ పెయిన్. మూడు స్ట్రైకులే ఉన్నాయనుకోండి. 24,900లో కాల్స్ 10 వేలు, పుట్స్ 50 వేలు. 25,000లో రెండూ 40 వేల చొప్పున. 25,100లో కాల్స్ 60 వేలు, పుట్స్ 10 వేలు. నిఫ్టీ 25,000 దగ్గర ముగిస్తే 24,900 కాల్స్‌కు 10 లక్షలు, 25,100 పుట్స్‌కు మరో 10 లక్షలు, మొత్తం 20 లక్షల రూపాయలు చెల్లించాలి. వంద పాయింట్లు అటు ముగిసినా ఇటు ముగిసినా 60 లక్షలు అవుతుంది. కాబట్టి మాక్స్ పెయిన్ 25,000.

ఈ అంకెల్లో ఒక సంగతి ఉంది. కాల్స్ పై స్ట్రైకుల్లో, పుట్స్ కింది స్ట్రైకుల్లో ఎక్కువగా ఉన్నాయి. మార్కెట్‌లో మామూలుగా జరిగేదీ ఇదే. ప్రీమియం తక్కువని కొనేవాళ్లు అక్కడ కొంటారు, కాస్త దూరంగా ఉందన్న ధైర్యంతో అమ్మేవాళ్లూ అక్కడే అమ్ముతారు. దాంతో రెండు వైపులా బరువు సరితూగే చోటు స్పాట్ ధరకు దగ్గర్లోనే పడుతుంది. నిఫ్టీ 200 పాయింట్లు పెరిగితే పాత పొజిషన్లు కొన్ని మూసేస్తారు, కొత్తవి పైన తెరుస్తారు, మాక్స్ పెయిన్ కూడా పైకి జరుగుతుంది. సాయంత్రం రెండూ ఒకేచోట ఉన్నాయి కాబట్టి అదే ధరను లాగిందనడం, బండి వెనక లేచిన దుమ్ము బండిని తోసిందన్నట్టే.

నిఫ్టీ వారపు ఎక్స్‌పైరీ ఇప్పుడు మంగళవారం. సోమవారం సాయంత్రం నిఫ్టీ 25,180, మాక్స్ పెయిన్ 25,000 అనుకుందాం. మాక్స్ పెయిన్ ధరను తనవైపు లాగుతుందన్న సిద్ధాంతం నిజమైతే మంగళవారం ధర కిందికి రావాలి. కానీ నిఫ్టీ 25,300కు వెళ్లి ముగిసింది, ఈలోగా మాక్స్ పెయిన్ 25,250కి జరిగింది. మంగళవారం స్క్రీన్‌షాట్ ప్రకారం సిద్ధాంతం గెలిచింది. సోమవారం కాగితం మీద రాసుకున్న అంకె ప్రకారం ఓడిపోయింది. ఒకే రోజుకు రెండు తీర్పులు వస్తున్నాయంటే, నమ్మాల్సింది ముందు రాసి పెట్టుకున్నదాన్నే.

అలా చాలా వారాలు రాసుకున్నా, "100 పాయింట్ల లోపే ముగిసింది" అన్న కొలత సరిపోదు. నిఫ్టీ స్ట్రైకులు 50 పాయింట్ల దూరంలో ఉంటాయి కాబట్టి అటూ ఇటూ 100 అంటే ఐదు స్ట్రైకులు. మార్కెట్ నెమ్మదిగా ఉన్న రోజు నిన్నటి ముగింపును పట్టుకుని చెప్పినా ఆ గీతల మధ్యే పడొచ్చు. అందుకే ముందు రోజు స్పాట్‌కూ మాక్స్ పెయిన్‌కూ బాగా తేడా ఉన్న వారాలనే తీసుకుని, ధర ఆ వైపు సగం కంటే స్పష్టంగా ఎక్కువసార్లు వెళ్లిందా అని చూడాలి. గ్రూపుల్లో తిరిగే రుజువులు ఈ పరీక్ష జోలికే వెళ్లవు.

అయితే ఎక్స్‌పైరీ రోజు ధర స్ట్రైక్‌కు అతుక్కోవడం ఉత్త కట్టుకథ కాదు. సోఫీ నీ, పియర్సన్, పోటెష్మన్ అనే పరిశోధకులు 2005లో అమెరికా షేర్ల మీద ప్రచురించిన అధ్యయనంలో, ఆప్షన్లు ఉన్న షేర్లు ఎక్స్‌పైరీ రోజు స్ట్రైక్ ధరల దగ్గర ఎక్కువగా ముగుస్తున్నాయని తేలింది. ఆప్షన్లు లేని షేర్లలో అది కనబడలేదు. కానీ ప్రభావం సగటున 0.165 శాతం పైచిలుకు, అంటే 100 డాలర్ల షేరుకు సుమారు 17 సెంట్లు. పైగా వాళ్లు చూసింది ఏదో ఒక స్ట్రైక్‌కు దగ్గరగా ముగియడాన్ని, మాక్స్ పెయిన్‌ను కాదు.

వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి హెడ్జింగ్. 25,000 కాల్స్ భారీగా కొన్న ఒక మార్కెట్ మేకర్ ఉన్నాడనుకోండి. రిస్క్ తగ్గించుకోవడానికి అతను ఫ్యూచర్స్ అమ్మి ఉంచుతాడు. ధర 25,000 దాటి పెరిగితే ఇంకా అమ్మాలి, తగ్గితే తిరిగి కొనాలి. ఎక్స్‌పైరీ దగ్గరపడేకొద్దీ చిన్న కదలికకే పెద్ద మొత్తంలో ఈ పని చేయాల్సి వస్తుంది, దాంతో ధర స్ట్రైక్ వైపు నెట్టుకొస్తుంది. అతనే ఆ కాల్స్ అమ్మి ఉంటే అంతా తలకిందులు. ధర పెరిగినప్పుడు కొనాలి, తగ్గినప్పుడు అమ్మాలి, కాబట్టి ధర స్ట్రైక్ నుంచి దూరంగా పోతుంది. రెండు సందర్భాల్లోనూ ఓపెన్ ఇంట్రెస్ట్ ఒకటే. హెడ్జ్ చేసేవాళ్లు కొన్నవైపు ఉన్నారా అమ్మినవైపు ఉన్నారా అన్నది ఆప్షన్ చెయిన్‌లో ఎక్కడా ఉండదు, మాక్స్ పెయిన్ లెక్కకు అందే సమాచారమేమో ఆ చెయిన్ ఒక్కటే.