పుట్టగొడుగులు నీరు కారకుండా ఎర్రగా వేగాలంటే: అపోహలు - వాస్తవాలు

వంటవాడిగా నన్ను ఎక్కువమంది అడిగే కూర పుట్టగొడుగులే. ఉడికినట్టు అవుతాయి, రంగు రావు, నమిలితే సాగుతాయి అంటారు. ఇందులో సగం తప్పు చేతిది కాదు, నమ్మకాలది. ఇక్కడ చెప్పేదంతా మామూలు తెల్ల బటన్ పుట్టగొడుగుల గురించి.

అపోహ: కడిగితే నీళ్లు పీల్చుకుంటాయి, అందుకే వేపుడులో నీరు కారుతుంది.

పుట్టగొడుగు బరువులో 90 శాతానికి పైగా నీరే. పావుకిలో తెస్తే అందులో దాదాపు 230 గ్రాములు నీళ్లన్నమాట. కుళాయి కింద గబగబా కడిగి, బట్టతో తడి అద్దేస్తే అదనంగా చేరేది కొద్ది గ్రాములే. అనుమానం ఉంటే కడగకముందు, కడిగి తుడిచాక తూకం వేసి చూసుకోండి. మట్టి పంటికి తగలడం కంటే కడుక్కోవడమే మేలు.

కాకపోతే ముక్కలు కోయకముందే కడగాలి. కోసిన ముఖాలు, బాగా విచ్చుకున్న గొడుగు కింది రేకులు తడిని పట్టుకుంటాయి. గిన్నెడు నీళ్లలో నానబెట్టి మరిచిపోవడం మాత్రం వద్దు.

అపోహ: సరిగ్గా వండితే అసలు నీరే రాదు.

వస్తుంది. ఎవరు వండినా వస్తుంది. వేడి తగలగానే లోపలి కణాలు కుంగి, పట్టి ఉంచిన నీటిని వదిలేస్తాయి. మన పని దాన్ని ఆపడం కాదు, వచ్చింది వచ్చినట్టు ఆవిరి చేయడం. పెనంలో నీరు ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రటి రంగు, వేపుడు వాసన రావాలంటే ముక్క ఉపరితలం దాదాపు 140 డిగ్రీలకు చేరాలి. అంటే నీళ్లు ఇగిరిపోయేదాకా మీరు చేస్తున్నది ఉడకబెట్టడమే, ఎంత నూనె పోసినా సరే.

పావుకిలో లెక్కన చూద్దాం. ఒక్కో పుట్టగొడుగును నాలుగు ముక్కలుగానో, వేలి మందాన బిళ్లలుగానో కోయండి. పల్చటి బిళ్లలు నీరు పోయేసరికి తోలులా మిగులుతాయి. 28 సెంటీమీటర్ల వెడల్పు పెనం బాగా కాలాక ఒక టేబుల్ స్పూను నూనె వేసి, ముక్కల్ని ఒకే వరుసలో పరచండి. చుయ్‌మంటుంది. కాసేపటికి ఆ చప్పుడు తగ్గి, ముక్కల కింద చెమ్మ కనిపించి, చిన్న చిన్న బుడగలతో కుతకుత మొదలవుతుంది. చాలామంది బెదిరిపోయి మంట తగ్గించేది ఇక్కడే. పెంచాలి! మూత పెట్టకూడదు, పెడితే ఆవిరి చుక్కలై మళ్లీ పెనంలోకే దిగుతుంది. ఆ రసాన్ని వంచి పారబోయకూడదు కూడా, రుచంతా అందులోనే ఉంది. అది ఇగురుతూ మళ్లీ ముక్కలకే పడుతుంది.

ఇక చెవి పెట్టి వినండి. కుతకుత ఆగి పొడిగా చిటపట మొదలైందంటే నీళ్లు అయిపోయాయి. పెనం అడుగున తడి బదులు నూనె మెరుపు కనిపిస్తుంది. ముక్కలు సగానికి సగం చిక్కి ఉంటాయి. అప్పుడు కదపకుండా రెండు నిమిషాలు వదిలేసి, ఒకదాన్ని తిప్పి చూడండి. కింది ముఖం గోధుమ రంగులో ఉంటే మిగతావి తిప్పండి, పాలిపోయి ఉంటే ఇంకో నిమిషం ఆగండి. అదేపనిగా కలుపుతూ ఉంటే ఏ ముఖమూ పెనానికి కుదురుగా ఆనదు, రంగు పట్టదు. మొత్తం పది, పన్నెండు నిమిషాల పని. మంట చిన్నదైతే ఇంకా పడుతుంది.

అర కిలో అదే పెనంలో కుమ్మరిస్తే ఏమవుతుంది? నీరు రెండింతలు, పైకి పోయే దారి మాత్రం అంతే. గుట్టలో పైన ఉన్నవి కింది ఆవిరిలో ఉడుకుతాయి. చివరికి రంగు రావచ్చుగానీ అరగంట పడుతుంది. రెండు వాయిలుగా వేయించుకోవడమే త్వరగా తేలే పని.

అపోహ: ఎక్కువసేపు వండితే రబ్బరులా అవుతాయి.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట ఇదే, ఎందుకంటే నిజం దీనికి సరిగ్గా తలకిందులు. మాంసం ఎక్కువ వేడికి బిగుసుకుంటుంది, కూరగాయలు మెత్తబడి చితికిపోతాయి. పుట్టగొడుగు ఈ రెండూ చేయదు. దాని కణాల గోడల్లో ఉండేది కైటిన్, రొయ్య పెంకులోనూ ఉండే పదార్థమే. మామూలు వంట వేడికి అది కరగదు. అందుకే గంటసేపు పులుసులో మరిగినా ముక్క ముక్కలాగే ఉంటుంది.

మరి ఆ సాగుడు ఎక్కడిది? చాలాసార్లు సగంలో దింపేయడం వల్లే. నీరు బయటికొచ్చి, ఇంకా ఇగరని దశలో ముక్క జారుతూ, పళ్ల కింద కిర్రుమంటూ ఉంటుంది. అది చూసి ఎక్కువ ఉడికిందనుకుని పొయ్యి కట్టేస్తారు. మళ్లీ పెనం మీద పెట్టి పెద్ద మంట మీద ఆ నీరు ఇగిరేదాకా ఉంచితే, చాలావరకు బాగుపడుతుంది. దీనికీ ఒక హద్దు ఉంది. రంగు వచ్చాక కూడా వేయిస్తూ పోతే అంచులు ఎండి బెరడులా తయారవుతాయి.

అపోహ: ముందే ఉప్పు వేస్తే అంతా పాడవుతుంది.

ఉప్పు నీటిని త్వరగా లాగుతుంది, నిజమే. ఆ నీరు ఎలాగూ రావలసిందే కదా. వెడల్పు పెనం, పెద్ద మంట ఉంటే ముందు వేసినా నష్టం లేదు. ఇరుకు పెనమైతే ఆగడం మంచిది. నేను చివర్లోనే వేస్తాను, కానీ నా కారణం వేరు. పెనం నిండా ఉన్న ముక్కల్ని చూసి ఉప్పు వేస్తే, అవి సగమయ్యేసరికి కూర ఉప్పుకషాయం.

అపోహ: నూనె ఎక్కువ పోస్తే బాగా ఎర్రబడతాయి.

పచ్చి పుట్టగొడుగు నిండా గాలి గదులే, స్పాంజిలాగా. పోసిన నూనె క్షణాల్లో మాయమవుతుంది, పెనం పొడిబారిందని మళ్లీ పోస్తాం. చివరికి ముక్క నమిలితే నూనె ఊరుతుంది. నూనె తగ్గించాలనుకునేవాళ్లు మొదట నీళ్లతోనే మొదలుపెట్టొచ్చు. వినడానికి వింతగా ఉంటుందిగానీ పనిచేస్తుంది. పావుకిలో ముక్కలకు పావు కప్పు నీళ్లు పోసి, మూత పెట్టి, పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు ఉంచండి. మూత పెట్టే సందర్భం ఇదొక్కటే. ముక్కలు కుంగి గాలి గదులు మూసుకుపోతాయి. మూత తీసి నీరంతా ఇగిరిపోయాక రెండు టీ స్పూన్ల నూనె వేస్తే, అది లోపలికి పోకుండా ముక్కల పైనే ఉండి రంగు తెస్తుంది. చిన్న పెనం, మంద మంట ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఈ పద్ధతే.

వెన్న, వెల్లుల్లి ఏ పద్ధతిలోనైనా రంగు వచ్చాకే, చివరి నిమిషంలో వేయాలి. ముందే వేస్తే నీళ్లు ఇగిరి ముక్కలు ఎర్రబడేలోపు వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది. వేగిన ముక్కల్ని గ్రేవీలో కలపాలంటే వడ్డించేముందు కలపండి. వేడివేడిగా డబ్బాలో పోసి మూత బిగించినా ఆవిరికి పైపొర మెత్తబడిపోతుంది కాబట్టి, వెడల్పు పళ్లెంలో పరిచి చల్లారనివ్వండి.