మిత్రులకు తెలిసేలా, అపరిచితులకు అందకుండా: అవతార్ చిత్రణలో అపోహలు – వాస్తవాలు

ముఖం బయటపెట్టడం ఇష్టం లేనివారికి ప్రొఫైల్ చిత్రంగా అవతార్ గీసి ఇవ్వడం నా వృత్తి. వచ్చేవారిలో చాలామంది కోరేది ఒకటే: తెలిసినవారు చూడగానే ఎవరో పోల్చుకోవాలి, తెలియనివారు మాత్రం ఆ బొమ్మను పట్టుకుని అసలు ఫొటో వరకూ రాకూడదు. ఈ రెండూ ఒకే బొమ్మలో కుదురుతాయి. పోలికను ముఖంలో పెట్టామా, మరెక్కడైనా పెట్టామా అన్నదే ప్రశ్న.

అపోహ: ఫొటోకు కార్టూన్ ఫిల్టర్ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఫిల్టర్ ప్రధానంగా రంగులను, చర్మపు నునుపును, గీతల తీరును మారుస్తుంది. కళ్ళ మధ్య ఎడం, ముక్కు పొడవు, నోటి మూలలు, దవడ అంచు చాలావరకు ఫొటోలో ఉన్నచోటే ఉండిపోతాయి. ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్ ముఖాన్ని ఒక సంఖ్యల వరుసగా మార్చుకుంటుంది. 2015లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ఫేస్‌నెట్‌లో ఆ వరుసలో 128 సంఖ్యలు ఉంటాయి. రెండు వరుసల మధ్య దూరం తగినంత తక్కువగా ఉంటే రెండు చిత్రాలూ ఒకే మనిషివని అది లెక్కగడుతుంది. కొలతలు చెదరకుండా వదిలిన ఫిల్టర్ ఈ పోలికకు కావలసిన సరుకును చాలావరకు అలాగే అందిస్తుంది.

దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. బొమ్మను సగం పారదర్శకంగా చేసి ఫొటో మీద పరచి, రెండింటి కళ్ళూ ఒకచోట కలిసేలా పరిమాణం సరిచేయాలి. అప్పుడు ముక్కు కొన, నోటి మూలలు, గడ్డం కూడా వాటంతట అవే కలిసిపోతే ఆ బొమ్మ ట్రేసింగే, ఎంత అందంగా ఉన్నా సరే. సాఫ్ట్‌వేర్ బొమ్మలో ముఖాన్నే కనిపెట్టలేకపోయిందని ఊరట చెందడం కూడా పొరపాటు, ఎందుకంటే ఓపిక గల మనిషి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలడు.

అపోహ: ముక్కునో గడ్డాన్నో బాగా పెంచి గీస్తే ఎవరూ పోల్చలేరు.

వాస్తవం: జరిగేది తరచూ దీనికి విరుద్ధం. సగటు ముఖానికి భిన్నంగా ఉన్నదాన్ని మరింత పెంచడమే వ్యంగ్యచిత్రకారుల పద్ధతి, పోలిక అందువల్లే బలపడుతుంది. దాచాలనుకుంటే ఆ లక్షణాన్ని సగటు వైపుకు జరపాలి.

అపోహ: ముఖకవళికలు మార్చేస్తే మిత్రులకు కూడా తెలియదు.

వాస్తవం: మిత్రులు మనను ముఖంతో మాత్రమే గుర్తించరు. తల వాల్చే తీరు, చేతులు పెట్టుకునే పద్ధతి, భుజాల వాలు, ఎప్పుడూ వెంట ఉండే వస్తువు కూడా వారికి ఆనవాళ్ళే. ఒకామె కోసం గీసిన బొమ్మ సంగతి చెబుతాను. మొదటి చిత్రంలో ఆమె గుండ్రటి కళ్ళద్దాలు, ఉంగరాల జుట్టు, పైపెదవి మీది పుట్టుమచ్చ ఉన్నాయి. మిత్రులు వెంటనే గుర్తుపట్టారు. అయితే ఆమెను ఎన్నడూ చూడని ఒకరికి ఎనిమిది ఫొటోలు ఇచ్చి, ఈ బొమ్మ ఎవరిదో చెప్పమంటే, ఆయన కూడా తడుముకోకుండా ఆమె ఫొటోనే తీశారు. ఆ మూడు ఆనవాళ్ళూ ఆమె బహిరంగ ఫొటోలన్నింటిలో కనబడుతున్నాయి మరి.

రెండోసారి ఫొటోను పక్కన పెట్టాను. నేను వాడే ఒక సాధారణ ముఖపు అచ్చు తీసుకుని, పుట్టుమచ్చను తొలగించి, కళ్ళద్దాలను వేరే ఆకారానికి మార్చాను. ఆ తరువాత ఆమెను ఒక ప్రశ్న అడిగాను: మీ ఫొటోల్లో ఎక్కడా కనబడనిది, మీతో కూర్చున్నవారికి మాత్రం తెలిసినది ఏమిటి? ఆలోచించేటప్పుడు జుట్టును పైకి చుట్టి పెన్సిల్ గుచ్చుకుంటానని, మోచెయ్యి ఆనించి ఎడమ చెంపకు పిడికిలి చేరుస్తానని చెప్పారు. ఆ రెండింటినే బొమ్మకు మూలంగా చేశాను. ముగ్గురు మిత్రులకు చూపిస్తే ముగ్గురూ నవ్వి ఆమె పేరే చెప్పారు. అవే ఎనిమిది ఫొటోలతో మరో అపరిచితురాలు వేరొకరిని ఎంచుకున్నారు. ఒక్కరి ఎంపికను రుజువు అనలేము. ఊహించి చెప్పినా ఎనిమిదింట ఒకసారి సరిపోతుంది కనుక, కనీసం ఐదారుగురిని అడిగాకే బొమ్మ అప్పగిస్తాను.

ఈ పద్ధతికీ ఒక హద్దు ఉంది. రేపు ఆమె పెన్సిల్ గుచ్చుకున్న ఫొటో ఒకటి ఎవరైనా బహిరంగంగా పెడితే ఆ ఆనవాలు చెడిపోతుంది, దాని స్థానంలో మరొకటి వెతకాలి. ఆమె మిత్రుడే ఆరా తీసేవాడైతే ఏ బొమ్మా కాపాడదు.

అపోహ: బొమ్మ బాగుంటే ఫైలు కూడా భద్రమే.

వాస్తవం: గీసేటప్పుడు అడుగున పెట్టుకున్న ఫొటో లేయరు కనబడకుండా చేసినంత మాత్రాన పోదు, కాబట్టి పని ఫైలును కాక, అన్నీ కలిపి కొత్తగా ఎగుమతి చేసిన చిత్రాన్నే పంపాలి. ఆ చిత్రాన్ని అసలు పేరుతో ఉన్న ఖాతాలో మాత్రం వాడకూడదు. ఒకే బొమ్మ రెండుచోట్ల ఉంటే చిత్రశోధనలో అవి రెండూ పక్కపక్కనే వస్తాయి, ముఖంతో పని లేకుండానే.