స్క్రూటినీకి రిటర్ను ఎలా ఎంపికవుతుంది?

ఆదాయపు పన్ను రిటర్నుల్లో దేన్ని స్క్రూటినీకి, అంటే అధికారి చేసే వివరమైన పరిశీలనకు తీసుకోవాలన్నది ఒకప్పుడు చాలావరకు అధికారి విచక్షణ మీద నడిచేది. ఆయన చేతిలో ఉండేది ప్రధానంగా పన్ను చెల్లింపుదారు రాసిచ్చిన కాగితమే కాబట్టి, అందులో రాయని విషయం బయటపడే దారులు తక్కువ. 2004లో వచ్చిన వార్షిక సమాచార రిటర్ను ఈ పరిస్థితిని మార్చింది. పొదుపు ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు జమ అయితే బ్యాంకు, 30 లక్షలు, ఆపైన విలువగల స్థిరాస్తి చేతులు మారితే రిజిస్ట్రారు, పాన్ నంబరుతో సహా శాఖకు తెలపాల్సి వచ్చింది. పెద్ద లావాదేవీల గురించి ఇలాంటి సంస్థలు నేడు పంపే ఎస్‌ఎఫ్‌టీ నివేదికలు దాని వారసులే.

ఇలా వచ్చిన సమాచారాన్ని కంప్యూటరు పాన్ ఆధారంగా రిటర్నుతో పోలుస్తుంది. తేడా ఎంత పెద్దది, ప్రకటించిన ఆదాయంతో అది పొసుగుతుందా, పాత సంవత్సరాల తీరు ఏమిటి అన్నవాటిని బట్టి రిస్కును లెక్కగడతారు. అధికారుల సంఖ్య పరిమితం కనుక రిస్కు ఎక్కువగా తేలిన కొద్ది రిటర్నులే ‘కాస్’ అనే ఎంపిక వ్యవస్థ ద్వారా స్క్రూటినీకి వెళతాయి. ఏ అంశానికి ఎంత బరువు ఇస్తారో శాఖ వెల్లడించదు. వెల్లడిస్తే ఆ గీతకు కాస్త ఇవతలే ఆగేలా లెక్కలు రాసుకునేవారుంటారు, కాబట్టి ఆ గోప్యత నాకు సమంజసంగానే కనిపిస్తుంది.

అయితే ఈ పద్ధతి పట్టుకునేది తేడాను మాత్రమే, దాని కారణాన్ని కాదు. ఉదాహరణకు, గుంటూరు జిల్లాలో మిర్చి పండించే ఒక తల్లికి, 8 లక్షల జీతం ఉన్న కొడుక్కి ఉమ్మడి ఖాతా ఉందనుకుందాం. పంట అమ్మగా విడతలుగా వచ్చిన 12 లక్షల నగదును ఆమె అందులో జమ చేసింది. ఉమ్మడి ఖాతా అయితే మొత్తం విలువను ఖాతాదారులందరి పేరనా చూపాలన్నది ఆదాయపు పన్ను నియమాల్లోని 114ఇ నిబంధన. అందువల్ల ఆ 12 లక్షలు తల్లి పాన్ కింద పూర్తిగా, కొడుకు పాన్ కింద మళ్లీ పూర్తిగా కనిపిస్తాయి. జీతం మాత్రమే చూపిన కొడుకు రిటర్ను పక్కన జీతాన్ని మించిన నగదు నిలుస్తుంది. దాచిన ఆదాయం రూపాయి కూడా లేకపోయినా రిస్కు పెరుగుతుంది.

2021 నవంబరులో ఏఐఎస్ అనే వార్షిక సమాచార పట్టిక అందుబాటులోకి రావడంతో ఈ సమాచారాన్ని పన్ను చెల్లింపుదారు కూడా చూడగలుగుతున్నారు. కొడుకు అక్కడ ఆ పద్దును తెరిచి, ఇది మరో పాన్‌కు చెందినదని స్పందన నమోదు చేయవచ్చు. అయినా ఎంపిక జరిగితే, 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 143(2) సెక్షన్ కింద నోటీసు వస్తుంది. రిటర్ను దాఖలైన ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లోపే దాన్ని ఇవ్వాలి. పరిమిత స్క్రూటినీ అయితే ప్రశ్న ఆ నగదు మూలం దగ్గరే ఆగుతుంది. అప్పుడు పనికొచ్చేవి పట్టాదారు పాసుపుస్తకం, యార్డులో ఇచ్చిన అమ్మకం పట్టీలు, వాటి తేదీలతో సరిపోయే జమల వివరాలు. పట్టీలు పారేసుకున్న కుటుంబానికి మాత్రం నిజాన్ని నిరూపించుకోవడం చాలా కష్టమవుతుంది.