పి-వాల్యూ గొడవ: మలుపు తిప్పింది ఒక పాట

పి-వాల్యూ అనే అంకె 0.05 కంటే తక్కువ వస్తే ఫలితానికి తగిలించే ‘స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్’ అనే మాటను పూర్తిగా వదిలేయాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 2019లో ఇదే కోరుతూ నేచర్‌లో వచ్చిన వ్యాసానికి 800 మందికి పైగా పరిశోధకులు మద్దతు తెలిపారు. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చేతిలో 1925లో ఈ 0.05 గీత ఎలా పుట్టిందన్నది చాలా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఇవాళ్టి గొడవకు ఒక ముఖ్యమైన మూలం 2011లో ఉంది.

ఆ ఏడాది సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు 20 మంది విద్యార్థులను తీసుకుని కొందరికి ముసలితనం గురించిన బీటిల్స్ పాట, మిగతావాళ్లకు మామూలు వాద్య సంగీతం వినిపించారు. బీటిల్స్ పాట విన్నవాళ్ల వయసు దాదాపు ఏడాదిన్నర తక్కువని తేలింది. అంటే పాట వింటే వయసే తగ్గిపోయిందన్నమాట! పి-వాల్యూ 0.040. డేటాలో ఒక్క అంకె కూడా దొంగది కాదు.

మరి ఎలా వచ్చింది? వాళ్లు కావాలనే ఇంకొందరికి మూడో పాట కూడా వినిపించి, దాన్ని లెక్కలోంచి తీసేశారు. పదేసి మంది పూర్తవగానే ఫలితం చూసుకుంటూ పోయారు. ఇంకా చాలా ప్రశ్నలు అడిగి, వాటిలో తండ్రి వయసును మాత్రం లెక్కలో కలిపారు. ఆ ఒక్కటి తీసేస్తే 0.040 కాస్తా 0.33 అవుతుంది.

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు ఇక్కడే ఆగి చూడాలి. నిజానికి తేడా ఏమీ లేదనుకుంటే, ఇంత తేడాగానీ ఇంతకు మించిందిగానీ కనబడే అవకాశం ఎంత? పి-వాల్యూ చెప్పేది అంతే. అదీ ఏ లెక్క చేయాలో డేటా చూడకముందే తేల్చుకున్నప్పుడే. చూశాక ఎంచుకుంటే ఆ అంకెకు అర్థమే పోతుంది.

0.04 వచ్చింది కాబట్టి నా ఊహ 96 శాతం నిజం అనడం ఇంకో పొరపాటు. 1000 ఊహల్లో 100 నిజమనుకుందాం. మంచి ప్రయోగాలు వాటిలో 80 పట్టుకుంటాయి. తప్పుడు 900లో 5 శాతం, అంటే 45, అదృష్టం కొద్దీ గీత దాటేస్తాయి. ‘సిగ్నిఫికెంట్’ అన్న 125లో మూడో వంతుకు పైగా ఉత్తవే. ఈ లెక్కకు ఎన్ని ఊహలు నిజమో ముందే తెలియాలి, పి-వాల్యూ దగ్గర ఆ సంగతి ఉండదు. తేడా పెద్దదా చిన్నదా అన్నదీ చెప్పదు. లక్ష మందిని తీసుకుంటే ఎందుకూ పనికిరాని తేడా కూడా గీత దాటగలదు.

2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ఈ హెచ్చరికలనే ఒక ప్రకటనగా ఇచ్చింది. సరిగ్గా వాడితే పి-వాల్యూతో మేలే అని 2021లో ఆ సంస్థ అధ్యక్షులు వేసిన బృందం అంది. ‘సరిగ్గా’ అన్న మాట దగ్గరే కదా పేచీ. బీటిల్స్ పాట వినిపించిన ఆ ముగ్గురు అదే ప్రయోగాన్ని, తీసేసిన పాట, 0.33 సహా ఏదీ దాచకుండా తమ పేపర్‌లోనే మళ్లీ రాసి చూపారు. అలా రాస్తే అందులో అచ్చు వేయదగ్గ ఫలితమేమీ మిగల్లేదు.