సార్థకత పక్కన మరో అంకె: ప్రయోగ నివేదికల్లోకి ప్రభావ పరిమాణం ఎలా వచ్చింది

మనస్తత్వశాస్త్ర ప్రయోగ నివేదికల్లో ఫలితాల విభాగం చాలాకాలం పాటు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: పి విలువ 0.05 కంటే తక్కువ వచ్చిందా, లేదా? రోనాల్డ్ ఫిషర్ 1925 నాటి తన గ్రంథంలో వీలుగా ఉండే హద్దుగా మాత్రమే సూచించిన ఆ అంకె, కొన్ని దశాబ్దాల్లో వ్యాసం అచ్చవుతుందో లేదో తేల్చే స్థాయికి చేరింది. నిజానికి పి విలువ చెప్పేది చాలా పరిమితం. రెండు పరిస్థితుల మధ్య అసలు తేడాయే లేదనుకుంటే, ఇప్పుడు కనబడినంత తేడా గానీ అంతకు మించినది గానీ కేవలం యాదృచ్ఛికంగా రావడానికి ఎంత అవకాశం ఉందో అది చెబుతుంది. తేడా ఎంత పెద్దదన్న సంగతి అందులో లేదు.

ఈ లోటు ఒక ఊహా ప్రయోగంలో తేటగా కనబడుతుంది. ఒక బృందం పదాల జాబితాను ఊరికే చదివిందనీ, మరో బృందం చదివాక తనను తాను పరీక్షించుకుందనీ అనుకుందాం. ఒక్కో బృందంలో 20 మంది ఉన్నారు. మొదటి బృందానికి సగటున 11 పదాలు, రెండో బృందానికి 13 పదాలు గుర్తున్నాయి. అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం రెండింటిలోనూ 4. అప్పుడు తేడాను యాదృచ్ఛిక హెచ్చుతగ్గులతో పోల్చే t విలువ 1.58, పి విలువ సుమారు 0.12 వస్తాయి; ఇది 0.05 కంటే ఎక్కువ కనుక ‘సార్థకమైన తేడా లేదు’ అని రాయాల్సి ఉంటుంది. ఇవే సగటులు, ఇదే విచలనం ఒక్కో బృందంలో 80 మందితో వస్తే t విలువ 3.16కు, పి విలువ సుమారు 0.002కు మారి, అదే తేడా బలంగా సార్థకమవుతుంది. పాల్గొన్నవారి సంఖ్య తప్ప ఇక్కడ మారిందేమీ లేదు. రెండు పదాల తేడాను 4తో భాగిస్తే వచ్చే d విలువ రెండు సందర్భాల్లోనూ 0.50గానే ఉంటుంది. పి విలువలో కలగలిసిపోయిన రెండు సంగతుల్లోంచి, అంటే తేడా పరిమాణం, నమూనా పరిమాణం అనే వాటిలోంచి, మొదటిదాన్ని విడదీసి చూపేదే ప్రభావ పరిమాణం.

ఈ d కొలతను ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికన్ మనస్తత్వవేత్త, గణాంక నిపుణుడు జేకబ్ కోహెన్. ఒక ప్రముఖ పత్రికలో అచ్చయిన 70 వ్యాసాలను పరిశీలించి ఆయన 1962లో ప్రకటించిన ఫలితం ఇబ్బందికరంగా ఉంది: మధ్యస్థాయి ప్రభావం నిజంగా ఉన్నా, ఆ అధ్యయనాలు దాన్ని పట్టుకోగల అవకాశం సగటున సగం కంటే తక్కువ. ఎంతమందిని తీసుకోవాలో ముందే లెక్కవేయాలంటే ఎంత ప్రభావాన్ని ఆశిస్తున్నామో చెప్పాలి. ఆ అవసరం కోసమే 0.2 చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది అనే కొలబద్దలు వచ్చాయి. ఇంతకంటే మంచి ఆధారం లేనప్పుడే వీటిని వాడాలని కోహెన్ స్వయంగా హెచ్చరించాడు గానీ, ఆ హెచ్చరిక కంటే అంకెలే ఎక్కువ దూరం ప్రయాణించాయి. ఇప్పటికీ d రాసి, పక్కన ‘మధ్యస్థం’ అనే ముద్ర వేసి ఊరుకునే నివేదికలు ఎన్నో. పై ఉదాహరణలో ‘సగటున రెండు పదాలు ఎక్కువ గుర్తున్నాయి’ అన్న వాక్యం ఆ ముద్ర కంటే ఎక్కువ చెబుతుంది.

నియమాల రూపంలో మార్పు నెమ్మదిగానే వచ్చింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ప్రచురణ మార్గదర్శి 1994 కూర్పులో ప్రభావ పరిమాణం ఇవ్వడాన్ని ప్రోత్సహించి వదిలేసింది; ప్రోత్సాహంతో ఆచరణ పెద్దగా మారలేదు. ఆ సంస్థ నియమించిన కార్యబృందం 1999లో ప్రధాన ఫలితాలకు దాన్ని ఎప్పుడూ ఇవ్వాలని కోరగా, 2001 కూర్పు అది దాదాపు ఎల్లవేళలా అవసరమని పేర్కొంది.

అయితే d ఒక్కటే రాస్తే మరో భ్రమకు చోటిచ్చినట్టవుతుంది. 20 మంది చొప్పున ఉన్న ప్రయోగంలో 0.50కి 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు ప్రభావం ఉండగల పరిధి, సుమారు −0.13 నుంచి 1.13 దాకా వ్యాపిస్తుంది. 80 మంది చొప్పున ఉంటే సుమారు 0.18 నుంచి 0.82 దాకా. అందుకే ఫలితాన్ని ఇలా రాయడం మేలు; ఇందులో CI అంటే విశ్వాస అంతరం, 158 అంటే మొత్తం 160 మందిలోంచి బృందానికి ఒకటి చొప్పున తీసేయగా మిగిలే స్వేచ్ఛాంశాల సంఖ్య:

```
t(158) = 3.16, p = .002, d = 0.50, 95% CI [0.18, 0.82]
```

చిన్న నమూనాలో ఇంకో చిక్కుంది. 20 మంది చొప్పున ఉన్నప్పుడు d దాదాపు 0.64 దాటితే తప్ప పి విలువ 0.05 కంటే తగ్గదు. అసలు ప్రభావం 0.50 మాత్రమే అయితే, అదృష్టవశాత్తూ ఉబ్బిన ఫలితాలే సార్థకమై అచ్చులోకి వస్తాయన్నమాట. 2015లో వంద అధ్యయనాలను తిరిగి చేసిన ఉమ్మడి ప్రాజెక్టులో సగటు ప్రభావం, d కాకుండా రెండు అంశాల మధ్య సంబంధం ఎంత బలమైనదో చెప్పే సహసంబంధ గుణకం రూపంలో, 0.403 నుంచి 0.197కు, అంటే సుమారు సగానికి పడిపోయింది. ఆ తగ్గుదలకు ఈ వడపోతే పూర్తి కారణమని చెప్పలేం గానీ, పాత వ్యాసంలోని d విలువను అలాగే తీసుకుని కొత్త ప్రయోగానికి నమూనా లెక్కవేస్తే, మనుషులు చాలని ప్రయోగమే మళ్లీ తయారవుతుంది.