యూరోసెప్సిస్: ఒక్క మాట, రెండు బిల్లులు

అమెరికా ఆస్పత్రులకూ బీమా కంపెనీలకూ మధ్య సెప్సిస్ బిల్లుల గొడవ మళ్లీ రాజుకుంది. ఆస్పత్రి సెప్సిస్ అని, అంటే ఇన్‌ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతింటోందని, బిల్లు పంపుతుంది. బీమా కంపెనీ రికార్డు తెప్పించుకుని చూసి, ఇది సెప్సిస్ కాదు, మామూలు మూత్రనాళ ఇన్‌ఫెక్షనే అని కోత వేస్తుంది. డాక్టరు రాసిన మాటను కోడ్‌గా మార్చిన మనిషి మధ్యలో నలుగుతారు. ఆ మనిషి చాలాసార్లు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కూర్చుని ఉంటారు కాబట్టి ఇది మనకు పరాయి గొడవ కాదు.

రోగాల పట్టికలు ఎలా పుట్టాయి, రోగాన్ని బట్టి ఒకే మొత్తం చెల్లించే డీఆర్‌జీ పద్ధతిని 1983లో అమెరికా ప్రభుత్వం ప్రధానంగా వృద్ధుల కోసం నడిపే బీమా మెడికేర్ ఎందుకు తెచ్చింది అన్నవి ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. ఇప్పటి తగువు అర్థం కావడానికి ఒక్క ఏడాది చాలు. అది 2015 అక్టోబరు 1న మొదలై 2016 అక్టోబరు 1తో ముగిసింది.

ఆ ఏడాదికి ముందు ‘యూరోసెప్సిస్’ ఎవరికీ తలనొప్పి కాదు. డాక్టర్లు ఈ మాటను రెండు అర్థాల్లో వాడతారు. కొందరికి అది మూత్రనాళ ఇన్‌ఫెక్షన్. ఇంకొందరికి ఆ ఇన్‌ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతినే సెప్సిస్. రోగాలకు కోడ్‌లు ఇచ్చే పట్టిక ఐసీడీ. దాని పాత రూపమైన ఐసీడీ-9 సూచికలో ఈ మాట వెతికితే నేరుగా 599.0కి, అంటే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌కు తీసుకెళ్లేది. డాక్టరు ఉద్దేశం సెప్సిస్ అనిపిస్తే అడగాలని నియమం అప్పుడూ ఉంది. కానీ అడగకపోయినా చార్ట్ ఆగేది కాదు, ఏదో ఒక కోడ్ పడేది.

2015 అక్టోబరు 1న అమెరికా ఐసీడీ-10కి మారింది. అందులో యూరోసెప్సిస్‌కు డిఫాల్ట్ కోడ్ తీసేశారు. ఇది స్పష్టత లేని మాట, సెప్సిస్‌కు సమానార్థకం కాదు, డాక్టరు ఈ మాట వాడితే తప్పనిసరిగా వివరణ అడగాలి అని మార్గదర్శకాల్లో రాశారు. అప్పటిదాకా జవాబు ఇచ్చిన సూచిక ఆ రోజు నుంచి ప్రశ్న వేయమంది. నా దృష్టిలో ఇప్పటి గొడవకు మూలం ఇదే. ప్రశ్న వేయడం తప్పనిసరి అయ్యాక, దానికి డాక్టరు ఇచ్చే జవాబే బిల్లును తేల్చడం మొదలైంది.

ఒక ఊహా చార్ట్ తీసుకుందాం. 72 ఏళ్ల ఆవిడ. జ్వరం 101.2, గుండె వేగం 108, తెల్ల కణాలు 15,600. బీపీ 128/74, లాక్టేట్ 1.4, క్రియాటినిన్ 0.9, మిగతా పరీక్షలూ మామూలే. మూత్రం కల్చర్‌లో ఈ.కోలై బ్యాక్టీరియా పెరిగింది. డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టరు రాసింది ఒక్క మాట: యూరోసెప్సిస్.

కోడ్‌లు సూచించే సాఫ్ట్‌వేర్ అక్షరాలు పోల్చి చూసుకునే రకమైతే ఆ మాటలోనే ‘సెప్సిస్’ దొరుకుతుంది, సెప్సిస్ కోడ్ A41.9 సూచిస్తుంది. ‘సెప్సిస్ లేదు’ అని రాసిన వాక్యంలోంచి కూడా అదే కోడ్ లాగే ప్రమాదం ఉంది. అందుకే ఇలాంటి మాటలను కోడ్‌కు కలపకుండా విడిగా ఒక జాబితాలో పెట్టుకోవాలి. అవి కనబడితే చార్ట్ హోల్డ్‌లోకి వెళ్లాలి, ఒక మనిషి చూడాలి. కోడర్ ఇక్కడ ఆగి, వివరణ అడుగుతూ డాక్టరుకు క్వెరీ పంపుతారు.

క్వెరీ రాయడం తేలిక కాదు. ‘రోగికి సెప్సిస్ ఉందని రాయగలరా?’ అని అడిగితే జవాబును నోట్లో పెట్టినట్టే, అది నిషిద్ధం. డబ్బు ప్రస్తావన అసలు రాకూడదు. పైన చెప్పిన అంకెలన్నీ ముందు పెట్టి, ‘యూరోసెప్సిస్ అంటే మీ ఉద్దేశం ఏమిటి?’ అని అడగాలి. కింద ఎంపికలు ఇవ్వాలి: ఈ.కోలై మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన సెప్సిస్, సెప్సిస్ లేని ఈ.కోలై మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, మరేదైనా, నిర్ధారించలేం.

మొదటిది టిక్ పెడితే, రోగి ఆస్పత్రిలో చేరేటప్పటికే సెప్సిస్ ఉంది కాబట్టి ఈ.కోలై సెప్సిస్ కోడ్ A41.51 ప్రధాన కోడ్ అవుతుంది. పెద్ద కాంప్లికేషన్ ఏదీ లేకపోతే చార్ట్ డీఆర్‌జీ 872లో పడుతుంది. రెండోది అయితే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ కోడ్ N39.0, పక్కన ఈ.కోలైకి B96.20, డీఆర్‌జీ 690. చెల్లింపును లెక్కగట్టే వెయిటు 690కి సుమారు 0.8, 872కి 1 దాటి కాస్త. ఏటా కొంచెం మారినా తేడా అలాగే ఉంటుంది. ఒక్క చార్ట్‌లో ఇది చిన్నదే. ఏడాది పొడవునా వచ్చే చార్ట్‌లన్నీ కలిపితే పెద్ద మొత్తం.

డాక్టరు ‘సెప్సిస్’ అన్నారనుకుందాం. అది నిజంగా సెప్సిసేనా? పాత కొలత ప్రకారం ఇన్‌ఫెక్షన్‌తో పాటు జ్వరం, గుండె వేగం, శ్వాస వేగం, తెల్ల కణాలు అనే నాలుగింటిలో రెండు తేడాగా ఉంటే చాలు. ఈవిడకు మూడున్నాయి. 2016 ఫిబ్రవరిలో సెప్సిస్-3 నిర్వచనం వచ్చింది. దాని ప్రకారం అవయవాలు దెబ్బతినాలి, అవయవాల పనితీరును కొలిచే సోఫా స్కోరు కనీసం 2 పెరగాలి. ఈవిడకు బీపీ, కిడ్నీ అన్నీ బాగానే ఉన్నాయి, స్కోరు పెరగలేదు. ఒకే చార్ట్ పాత కొలతకు సెప్సిస్, కొత్త కొలతకు కాదు. బీమా కంపెనీలు చాలావరకు కొత్త కొలత పట్టుకున్నాయి. మెడికేర్ తన సెప్సిస్ చికిత్స నాణ్యత లెక్కలకు పాత పద్ధతినే ఉంచింది.

2016 అక్టోబరు 1న మూడో మార్పు వచ్చింది. డాక్టరు జబ్బు ఉందని చెబితే కోడ్ వేయడానికి అది చాలు, డాక్టరు ఏ ప్రమాణంతో నిర్ధారించారన్నది కోడింగ్‌కు సంబంధం లేదు అని మార్గదర్శకాల్లో చేర్చారు. ఆస్పత్రులు ఇప్పటికీ ఈ వాక్యం మీదే నిలబడతాయి. నాకు అది సబబుగానే తోస్తుంది. రోగిని కళ్లారా చూడని కోడర్ రోగం ఉందో లేదో తేల్చలేరు, తేల్చకూడదు. కోడర్ నియమం ప్రకారమే అడిగారు, డాక్టరు తన సంతకంతో జవాబిచ్చారు. ఆ తర్వాత వచ్చే కోతను కోడింగ్ తప్పుగా లెక్కగట్టడం అన్యాయం.

బీమా కంపెనీల వాదన కూడా తీసిపారేసేది కాదు. కోడ్ సరిగ్గా పడటం వేరు, జబ్బు నిజంగా ఉండటం వేరు అంటాయి అవి. 2022 అక్టోబరులో అదే నియమానికి, రికార్డులో పొంతన లేకపోతే డాక్టరును అడగాలి అని ఒక వాక్యం కలిపారు. అంటే ఒక నోటులో సెప్సిస్, మరో నోటులో ‘సెప్సిస్ కాదు’ అని ఉంటే ఒకదాన్ని ఎంచుకునే హక్కు కోడర్‌కు లేదు.

పనిచేసేచోట చిక్కు ఇంకోలా ఉంటుంది. కోడర్‌కు గంటకు ఇన్ని చార్ట్‌లని టార్గెట్, తప్పులు వందకు ఐదు దాటకూడదు. హోల్డ్‌లో పెట్టిన చార్ట్ చాలాచోట్ల లెక్కలోకి రాదు. అక్కడ డిశ్చార్జ్ అయిన రోగి బిల్లు కదలదు, ఇక్కడ మేనేజర్‌కు టెన్షన్. డాక్టరు రోజుల తరబడి జవాబివ్వకపోతే ‘ఏదో ఒకటి వేసేయ్’ అనే ఒత్తిడి మొదలవుతుంది. తర్వాత కోత పడే చార్ట్‌ల్లో కొన్ని అలా తోసేసినవే.

అందుకే కొన్ని ఆస్పత్రులు సెప్సిస్ చార్ట్‌లను బిల్లు వెళ్లకముందే మరోసారి ఆపుతున్నాయి. ఈసారి చూసేది కోడర్ కాదు, నర్సు లేదా డాక్టరు. వాళ్లు చూసేది క్వెరీకి వచ్చిన టిక్ ఒక్కటే కాదు. ఏ అంకెలను బట్టి సెప్సిస్ అన్నారో నోటులో డాక్టరు రాశారా అని కూడా చూస్తారు. 72 ఏళ్ల ఆవిడ చార్ట్ వాళ్ల ముందుకు వస్తే, డాక్టరుకు ఇంకో క్వెరీ వెళ్తుంది.