'ప్రతులకు' పేజీ నుంచి ఏడు గడుల దాకా: పుస్తకం వివరాల వెనుక కథ

పాత తెలుగు పుస్తకం ఏది తిరగేసినా మొదట్లోనో చివర్లోనో 'ప్రతులకు' అని ఒక చిన్న పేరా ఉంటుంది. రచయిత ఇంటి అడ్రసు, కింద విశాలాంధ్ర, నవోదయ లాంటి పుస్తకాల షాపుల పేర్లు. పుస్తకం పాఠకుడికి చేరాలంటే ఒకప్పుడు ఆ నాలుగు లైన్లు చాలేవి. మిగతా పని కౌంటర్ వెనక ఉన్న మనిషిది. "గోదావరి జిల్లా కథలేమైనా వచ్చాయా?" అని అడిగితే, అట్ట మీద గోదావరి అనే మాట లేకపోయినా సరైన పుస్తకం తీసి చేతిలో పెట్టేవాడు.

ఆన్‌లైన్ దుకాణంలో ఆ మనిషి లేడు. ఆయన బుర్రలో ఉన్నదంతా ఇప్పుడు రచయితో ప్రచురణకర్తో ఫారంలో నింపాలి. పేరు, ఉపశీర్షిక, భాష, క్యాటగిరీ, కీవర్డ్‌లు, పరిచయం. వీటన్నిటినీ కలిపి మెటాడేటా అంటున్నారు. మనవాళ్లు చాలామంది దీన్ని రాత్రి పదకొండింటికి, పుస్తకం ఎలాగైనా ఇవాళే పెట్టేయాలన్న టెన్షన్‌లో నింపుతారు. గడులు అలా ఎందుకున్నాయో తెలిస్తే నింపడం తేలిక. వాటిలో ఒక్కో గడి ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం పుట్టింది.

అన్నిటికన్నా ముందు వచ్చింది నంబరు. 1960లలో బ్రిటన్‌లోని డబ్ల్యు.హెచ్.స్మిత్ అనే పుస్తక వ్యాపార సంస్థ తన గోడౌన్‌ను కంప్యూటర్ మీదికి మార్చాలనుకుంది. పేరుతో పుస్తకాన్ని గుర్తుపట్టడం కంప్యూటర్‌కు కష్టం. అందుకని గార్డన్ ఫాస్టర్ అనే ప్రొఫెసర్ తొమ్మిది అంకెల పద్ధతి ఒకటి తయారుచేశాడు. అదే 1970లో అంతర్జాతీయ ప్రమాణమై ఐఎస్‌బీఎన్ అయింది, 2007 నుంచి 13 అంకెలకు పెరిగింది. మన దేశంలో దీన్ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. అయితే నంబరు చెప్పేది ఇది ఏ పుస్తకమో మాత్రమే. ఎవరి కోసమో అది చెప్పలేదు.

'ఎవరి కోసం' అన్న ప్రశ్నకు అమెరికాలో దొరికిన జవాబు అర. పుస్తకం షాపులో ఏ అరలో పెట్టాలో ప్రచురణకర్తే ముందుగా చెబితే పని సులువవుతుందని, అక్కడి పుస్తక పరిశ్రమ సంఘం బైసాక్ అనే కోడ్‌ల జాబితా తయారుచేసింది. మూడు అక్షరాలు, ఆరు అంకెలు. ఉదాహరణకు FIC029000 అంటే ఒకే రచయిత రాసిన కథల సంపుటి. జాబితా అంతా అమెరికన్ షాపు అరల ప్రకారమే సాగుతుంది. ఆ కోడ్‌లో భాష ఉండదు. తెలుగు కథలకూ ఇంగ్లీషు కథలకూ అదే FIC029000. భాషకు వేరే గడి ఉంది. ఆన్‌లైన్ దుకాణాలు వచ్చాక ప్రచురణకర్తలు ఒక్కో దుకాణానికీ ఒక్కో రకం ఫైలు పంపలేక తలపట్టుకున్నారు. దానికి మందుగా 2000లో ఆనిక్స్ అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. అందులో తెలుగుకు మూడక్షరాల గుర్తు tel. ఆ మూడక్షరాల సంగతి కింద మళ్లీ వస్తుంది.

2007 చివర్లో అమెజాన్ కిండిల్‌తో పాటు, రచయితలు నేరుగా ఈ-పుస్తకం పెట్టుకునే వేదికను కూడా తెరిచింది. ఇప్పుడు దాని పేరు కేడీపీ. కోడ్‌లు నింపే పని ప్రచురణ సంస్థలోని గుమాస్తా చేతినుంచి రచయిత చేతికి వచ్చింది అక్కడే. కీవర్డ్‌లకు ఏడు గడులు, ఒక్కో దాంట్లో 50 అక్షరాలు. క్యాటగిరీలు అప్పట్లో రెండు. గడికి ఒక్కటే మాట రాయాలని చాలామంది అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటున్నారు. అక్కడ రాయాల్సింది పాఠకుడు వెతుకులాట పెట్టెలో కొట్టే మాటల గుంపు. 'కథలు' అని కాదు, 'గోదావరి పల్లె జీవితం కథలు' అన్నట్టు. పేరులో ఉన్న మాట మళ్లీ రాస్తే ఆ చోటు వృథా. 'బెస్ట్', 'కొత్త', 'ఆఫర్' లాంటివీ, ఇంకో రచయిత పేరూ నిబంధనల ప్రకారం రాయకూడదు. పేరున్న రచయితను తన కీవర్డ్‌లో పెట్టుకుని ఆయన పాఠకుల్ని పట్టుకుందామన్న తెలివి అందరికీ ముందే వచ్చింది, అందుకే ఆ నిబంధన.

క్యాటగిరీల సంగతి ఇంకా వింత. ఫారంలో రెండే కనిపించేవి. దుకాణంలో మాత్రం వేల ఉపవిభాగాలు. కొన్నిటిలోకి వెళ్లాలంటే కీవర్డ్‌లో ఫలానా మాట ఉండాలి. ఇంకొన్నిటి కోసం సహాయ విభాగానికి మెయిల్ రాసి బతిమాలితే, మొత్తం పది దాకా చేర్చేవారు. ఈ దారి తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లకు లేదు. దీంతో పోటీ లేని మూల వెతుక్కుని అక్కడ పుస్తకం పెట్టడమే ఒక విద్య అయిపోయింది. 2016లో అమెరికాలో ఒక మార్కెటింగ్ నిపుణుడు ఇది ఎంత బోలుగా ఉందో చూపించడానికి తన పాదం ఫోటో తీసి, దాన్నే పుస్తకంగా పెట్టి, ఎవరూ పెద్దగా చూడని క్యాటగిరీలు ఎంచుకున్నాడు. మూడు కాపీలు అమ్ముడయ్యేసరికి 'నంబర్ వన్ బెస్ట్ సెల్లర్' అన్న నారింజ రంగు జెండా వచ్చి కూర్చుంది. మన ఫేస్‌బుక్‌లో అప్పుడప్పుడూ కనిపించే ఆ జెండా స్క్రీన్‌షాట్లు చూసినప్పుడల్లా నాకు ఆ పాదమే గుర్తొస్తుంది.

2023లో కేడీపీ ఈ పద్ధతి మార్చింది. బైసాక్ తరహా జాబితా తీసేసి, దుకాణంలో నిజంగా ఉన్న విభాగాలనే చూపించి మూడు ఎంచుకోమంది. మెయిల్ రాసి పది చేయించుకునే దారి మూసేసింది. ఉన్నవి మూడే కాబట్టి ఇప్పుడు తప్పు ఎంపిక ఖరీదు పెరిగింది. జెండా కోసం సంబంధం లేని మూల ఎంచుకుంటే, అక్కడ తిరిగే పాఠకుడు పుస్తకం చూసి, నొక్కకుండా వెళ్లిపోతాడు. ఎవరూ నొక్కని పుస్తకాన్ని దుకాణం కూడా చూపించడం మానేస్తుంది.

ఇంతకీ ఇందులో తెలుగు ఎక్కడుంది? 2016 డిసెంబరులో కిండిల్‌లోకి భారతీయ భాషలు వచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగు రాలేదు. అందుకే మనవాళ్లు ఈ-పుస్తకాలకు కినిగె లాంటి చోట్లకు వెళ్లారు. అమెజాన్‌లో మాత్రం ఎక్కువగా అచ్చు పుస్తకాన్నే సెల్లర్ అకౌంట్ తెరిచి అమ్ముతున్నారు. అక్కడ ఏడు గడులు ఉండవు. సబ్బులకూ చెప్పులకూ వాడే అదే ఫారం, అదే 'సెర్చ్ టర్మ్స్' గడి.

ఆ గడికి ఒక హద్దుంది. భారతదేశంలో సెల్లర్లకు అమెజాన్ చెప్పిన లెక్క 200 బైట్లకు లోపు. అక్షరాలు కాదు, బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటర్‌కు తరచూ రెండు మూడు ముక్కలు, ఒక్కో ముక్కకు మూడు బైట్లు. 'తుఫాను' అంటే మన కంటికి మూడే అక్షరాలు. కంప్యూటర్‌కు త, ఉకారం, ఫ, ఆకారం, న, ఉకారం అని ఆరు ముక్కలు, అంటే 18 బైట్లు. ఇలాంటి పది పదకొండు తెలుగు మాటలకే గడి నిండిపోతుంది. హద్దు దాటితే, దాటిన మాటల్ని కత్తిరించి మిగతావి ఉంచుకోదు. గడి మొత్తాన్నీ పక్కన పెడుతుంది. పైకి మాత్రం ఏ ఎర్ర గుర్తూ లేకుండా సేవ్ అయినట్టే కనిపించొచ్చు.

కిందటేడు ఒక మిత్రుడి పుస్తకానికి ఇదంతా కూర్చుని చేశాం. 1996 నవంబరు తుఫాను చుట్టూ అల్లిన కోనసీమ కథలు. పెట్టి రెండు నెలలైనా, పుస్తకం పేరు పూర్తిగా కొడితే తప్ప కనిపించేది కాదు. ముందు పరిచయం చూస్తే అంతా పిచ్చి గుర్తులు. డీటీపీ చేసినవాళ్లు అను ఫాంట్‌లో చేసిన వెనక అట్ట మాటల్ని అలాగే కాపీ చేసి అతికించారు. యూనికోడ్ కాని ఆ ఫాంట్ లేనిచోట అవి తెలుగు కావు, ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. మనిషి చదవలేడు, వెతికే యంత్రమూ చదవలేదు. తర్వాత భాష గడి చూశాం. అందులో ఇంగ్లీష్ అని ఉంది. ఫారంలో ముందే పడి ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అంటే 'తెలుగు' అని ఎంచుకుని పుస్తకాలు వడపోసే పాఠకుడికి ఈ పుస్తకం పుట్టనే లేదన్నమాట. పైన చెప్పిన tel అనే మూడక్షరాల విలువ అంత.

ఇక సెర్చ్ టర్మ్స్. మావాడు రాసింది 'ఉత్తమ తెలుగు కథల పుస్తకం, కొత్త పుస్తకం, తప్పక చదవాల్సిన పుస్తకం, కోనసీమ కథలు'. ఖాళీలూ కామాలూ కలిపి లెక్కపెడితే 200 దాటింది. పైగా తెలుగు పాఠకుడు అమెజాన్‌లో తెలుగులో కొట్టడం తక్కువ. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతాడు, అదీ ఎవరి స్పెల్లింగ్ వాళ్లది. ఒకరికి కథలు kathalu, ఇంకొకరికి kadhalu. తుఫానుకు అయితే లెక్కే లేదు. తెలుగులోనే తుఫాను, తుపాను అని రెండున్నాయి. పేరులో 'కోనసీమ' రెండు లిపుల్లోనూ ఉంది కాబట్టి దాన్ని వదిలేసి, కామాలు లేకుండా, మాట రెండోసారి రాకుండా ఇలా రాశాం:

```
kathalu kadhalu toofan thufan tupanu cyclone 1996 amalapuram godavari తుఫాను తుపాను కథలు అమలాపురం గోదావరి
```

ఖాళీలతో కలిపి 167 బైట్లు. తొమ్మిది ఇంగ్లీషు లిపి మాటలకు 70 కూడా కాలేదు, ఐదు తెలుగు మాటలు దాదాపు వంద తినేశాయి. రెండు లిపులూ కావాలనుకుంటే తెలుగులో దేన్ని వదులుకోవాలో ఇలా లెక్కేసుకుంటే గాని తెలియదు. 'వరద' అన్న మాట కోసం మావాడు కాసేపు గొడవపడ్డాడు. ఆ కథల్లో ఉప్పెన ఉంది, వరద లేదు. వరద గురించి వెతికి వచ్చినవాడికి ఇది చూపించి లాభం లేదని వదిలేశాం.

మాట పట్టుకుందో లేదో చూసే పద్ధతి ఒకటి సెల్లర్లలో వాడుకలో ఉంది. పుస్తకం పేజీలో ఉండే ASIN నంబరు, పక్కన మనం రాసిన మాట ఒకటి, రెండూ కలిపి వెతుకులాట పెట్టెలో కొట్టాలి. పుస్తకం వస్తే ఆ మాట దాని ఖాతాలో ఉన్నట్టు. రాకపోతే లేనట్టు. మార్చిన వెంటనే చూస్తే రాదు, ఒకట్రెండు రోజులు ఆగాలి. మేం మూడో రోజు ఒక్కో మాటా కొట్టి చూశాం. kadhalu వచ్చింది, తుపాను వచ్చింది. ఉత్తినే cyclone అని కొడితే మాత్రం ఫ్యాన్లూ మిక్సీలూ సైకిళ్లూ వరసకట్టాయి, మా పుస్తకం ఎన్నో పేజీలో ఉందో వెతికే ఓపిక లేకపోయింది. వరసలో పైకి తెచ్చేది ముఖ్యంగా అమ్మకాలు, ఉత్త కీవర్డ్‌లు కావు. cyclone kathalu అని రెండు మాటలు కలిపి కొట్టాం. మొదటి స్క్రీన్‌లోనే కనిపించింది.